‘ఒరిజినల్ జరీ’ అని రాసి అమ్మాను, చీరలో ఉన్నది టెస్టెడ్ జరీ. ఇప్పుడు ఆవిడకి ఎలా రాయాలి?

“కర్నూలులో ఇంటి నుంచే గద్వాల పట్టుచీరలు అమ్ముతుంటాను. కిందటి నెల ఒక చీర ఫోటోలు పెడుతూ పాత పోస్టులో రాసిన వివరాలనే కాపీ చేసేశాను. అందులో ‘ఒరిజినల్ వెండి జరీ’ అని ఉంది. 18,500 రేటు కూడా అలాగే ఉండిపోయింది. పుణేలో ఉండే తెలుగావిడ ఒకరు, కాబోయే కోడలికి పెట్టడానికని దాన్ని కొన్నారు. మొన్న లెక్కలు రాసుకుంటూ మగ్గం వాళ్ల చీటీ చూస్తే అది టెస్టెడ్ జరీ చీర అని ఉంది, అంటే జరీ అసలు వెండి కాదు, రాగి మీద వెండి పూత. నాకు పడింది 9,800. అలాంటివి మామూలుగా 11,500కి ఇస్తాను. ఆవిడకి ఈ సంగతి తెలియదు. చీర చాలా బాగుందని మెసేజ్ కూడా పెట్టారు. బ్లౌజ్ కుట్టించారట, ఫాల్ వేయించారట. పెళ్లి ఇంకా పాతిక రోజులుంది. ‘అడిగినప్పుడు చూద్దాంలే, నువ్వే పోయి చెప్తే మొత్తం డబ్బు అడుగుతుంది, మిగతావాళ్లకీ తెలిసిపోతుంది’ అంటారు మావారు. నాకేమో నిద్ర పట్టట్లేదు. చెప్పాలంటే ఎలా రాయాలి? ఎంత తిరిగివ్వాలి?” – ఎన్., కర్నూలు

ఉత్తరం రాసే ముందు ఒక పని చేయండి. చీటీలో రాసిందే నిజమో కాదో చూసుకోండి. ఒక కాపీ పోస్టు వల్ల ఇంత దూరం వచ్చారు కదా, ఇప్పుడు ఒక చీటీని నమ్మి రెండో తప్పు ఉత్తరం రాయకూడదు. ఆ చీర మీ దగ్గర లేదు గానీ అదే విడతలో వచ్చిన ఇంకో చీర ఉండే ఉంటుంది. దాని కొంగు చివర కుచ్చులు వేయకుండా వదిలిన పోగుల్లోంచి రెండంగుళాల జరీ పోగు లాగండి. విప్పి చూస్తే లోపల ఒక దారం, దాని చుట్టూ సన్నటి రేకు కనిపిస్తాయి. ఆ రేకును బ్లేడు అంచుతో మెల్లగా గీకండి. ఎంత గీకినా తెల్లగానే ఉంటే వెండి. ముందు తెల్లగా కనిపించి, ఇంకాస్త గీకాక ఎర్రగా తేలితే రాగి మీద వెండి పూత, అంటే టెస్టెడ్. పైపైన గీకి ‘తెల్లగానే ఉంది కదా’ అని సంబరపడకండి. తర్వాత అగ్గిపుల్ల మంటకి చూపించండి. దారం కాలిపోయి రేకు మిగిలితే అది లోహమే. ముడుచుకుపోయి చిన్న నల్లపూసలా అయితే అది ప్లాస్టిక్ జరీ. అప్పుడు మీ 11,500 లెక్క కూడా పనికిరాదు, మగ్గం వాళ్లతో వేరే మాట్లాడుకోవాల్సి వస్తుంది. ఇంకా సందేహం ఉంటే, బంగారం స్వచ్ఛత చూసే మెషిన్ ఉన్న నగల షాపులో ఆ పోగు చూపిస్తే ఏ లోహం ఎంత ఉందో చెబుతారు. ఈ పరీక్షలేవీ పుణే ఆవిడను చేయమనకండి. పెళ్లి చీర పోగు తీసి కాల్చమని చెప్పడం బాగోదు.

ఇక మీవారి మాట. ‘అడిగినప్పుడు చూద్దాం’ అనేది కూడా ఒక దారే కాబట్టి, దాన్లో ఏముందో చూద్దాం. ఆవిడ ఈ నెలలో అడగకపోవచ్చు, ఈ ఏడాది కూడా అడగకపోవచ్చు. కొత్త టెస్టెడ్ జరీకి, కొత్త వెండి జరీకి మామూలు కంటికి తేడా దొరకదు. కానీ ఎన్నాళ్లో దాగేదీ కాదు. పూత అరిగాక రాగి బయటపడి మడతల దగ్గర జరీ ఎర్రబడుతుంది, నల్లబడుతుంది. వెండి కూడా నల్లబడుతుంది గానీ దాన్ని మెరుగు పెట్టించుకోవచ్చు, బరువుకి విలువ కట్టించుకోవచ్చు. పాత జరీ కొంటామని వీధుల్లోకి వచ్చేవాళ్లను మీరూ చూసే ఉంటారు. వాళ్లు చేసే మొదటి పని అంచులోంచి పోగు తీసి గీకడమే. ఆ రోజు చీర ఆ కోడలి చేతిలో ఉంటుంది. ‘మా అత్తగారు వెండి జరీ అని పెట్టారు’ అనే మాట అప్పుడు లేస్తుంది. మీరు తప్పు రాసినందుకు, మీ పేరు కూడా తెలియని ఇంట్లో ఆవిడ మాట పడతారు. ఆడపెళ్లివారు, మగపెళ్లివారు పెట్టుపోతల దగ్గర ఎంత లెక్క చూసుకుంటారో నేను మీకు చెప్పక్కర్లేదు.

చట్టం సంగతి కూడా ఉంది. సరుకు ఫలానా నాణ్యతది, ఫలానా పదార్థంతో చేసింది అని తప్పుగా చెప్పి అమ్మడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతి కింద పెట్టింది. షాపులో కొన్నా, ఫోన్లో కొన్నా కొన్నవాళ్లకు అదే రక్షణ. ఫిర్యాదు చేయడానికి రెండేళ్ల గడువుంటుంది. ఆవిడ కర్నూలు రావాల్సిన పని కూడా లేదు, తను ఉండే పుణేలోనే వేయవచ్చు. ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏడు వేల తేడా కోసం వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లేవాళ్లు తక్కువే. కానీ చీటీ చూసేదాకా మీది పొరపాటు. చూసిన తర్వాత ఊరుకుంటే అది వేరే పని. రేపు ఎవరైనా ‘మీకు ఎప్పుడు తెలిసింది?’ అని అడిగితే మీ దగ్గర మంచి జవాబు ఉండదు. ‘సిల్క్ మార్క్ ట్యాగ్ ఉంది కదా’ అని ఎవరైనా ధైర్యం చెప్తే వినకండి. ఆ ట్యాగ్ చెప్పేది పట్టు గురించే, జరీ గురించి కాదు.

నా మటుకు నేను చెప్పేయమంటాను, అదీ ఈ వారంలోనే. ఎందుకంటే మీరు ఆవిడకు ఇవ్వగలిగిన వాటిలో ఒకటి తారీఖుతో ముడిపడి ఉంది. ‘చీర వెనక్కి పంపండి, డబ్బు ఇచ్చేస్తాను’ అనే మాటకు పెళ్లి ముందు విలువ ఉంది. ముహూర్తం అయ్యాక, కోడలు కట్టుకున్నాక ఆ చీరను ఎవరు వెనక్కి అడుగుతారు? ఇంకో వెండి జరీ చీర వెతుక్కోవాలన్నా ఆవిడకు పది పదిహేను రోజులైనా కావాలి. ఆలస్యం చేసిన ప్రతి రోజూ ఆవిడకు మిగిలే దారి ఒకటి మూసుకుపోతూ ఉంటుంది.

ఎంత ఇవ్వాలన్న దగ్గర చాలామంది తడబడతారు. కొందరు ‘వచ్చేసారి కొంటే పదిశాతం తగ్గిస్తాను’ అంటారు. అది సవరణ కాదు, ఇంకో అమ్మకం. మీ మీద నమ్మకం పోయిన మనిషి మీ దగ్గరే మళ్లీ కొంటేనే తన డబ్బు తనకు వస్తుందన్నమాట. ఇంకొందరు వెయ్యో రెండు వేలో పంపి ‘ఏమీ అనుకోకండి’ అంటారు. ఆ అంకె ఎక్కడిదని ఎదుటివాళ్లు అడిగితే చెప్పలేరు. మీ దగ్గర చెప్పగలిగిన అంకె ఉంది. ఆవిడ ఇచ్చింది 18,500. అసలు సంగతి రాసి ఉంటే మీరు అడిగేది 11,500. తేడా 7,000. మీకు పడిన 9,800ను ఈ లెక్కలోకి తీసుకురావద్దు. మీ లాభం ఎంతన్నది ఆవిడకు సంబంధం లేని విషయం. ‘నాకే ఇంత పడింది, మీకు ఇంతే ఇవ్వగలను’ అని రాస్తే బేరం మొదలవుతుంది.

ఉంచుకుంటే 7,000 తిరిగివ్వడం ఒక దారి. వెనక్కి పంపితే మొత్తం తిరిగివ్వడం రెండో దారి. ఈ రెండో దాన్లో మొత్తం అంటే 18,500 ఒక్కటే అనుకోకండి. ఒరిజినల్ జరీ అని నమ్మి ఆవిడ బ్లౌజ్ కుట్టించారు, ఫాల్ వేయించారు. ఆ ఖర్చు మీ రాత వల్ల అయింది. బ్లౌజ్ కుట్టుకూలి 1,800, ఫాల్, పికో కలిపి 300, చీర తెప్పించుకునే కొరియర్ 400 అనుకుందాం. అప్పుడు మీ చేతిలోంచి 21,000 పోతుంది. బ్లౌజ్ ముక్క కోసేసిన చీర తిరిగి వస్తుంది. దాన్ని ‘బ్లౌజ్ లేదు, టెస్టెడ్ జరీ’ అని నిజం రాసి 9,500కి అమ్మారనుకోండి, అంతా కలిపి మీకు 2,800 నష్టం. అదే ఆవిడ చీర ఉంచుకుని 7,000 తీసుకుంటే మీకు ఇంకా 1,700 మిగులుతుంది. మీవారు భయపడుతున్న ‘మొత్తం అడుగుతుంది’ అన్నదానికి, తేలిగ్గా బయటపడడానికి మధ్య ఉన్నది 4,500 రూపాయలు. ఈ లెక్క కాగితం మీద వేసి ఆయనకు చూపించండి. చాలా ఇళ్లలో అంకె కనపడనంత సేపే గొడవ పెద్దదిగా ఉంటుంది.

బ్లౌజ్ కోశారు కాబట్టి చీర వెనక్కి తీసుకోను అనాలనిపిస్తుంది, మామూలు రిటర్న్ అయితే అది న్యాయమే. నచ్చక వెనక్కి పంపేవాళ్లకు, మీరు చెప్పింది ఒకటి ఇచ్చింది ఒకటి కావడం వల్ల పంపేవాళ్లకు ఒకే షరతు పెట్టకూడదు. కుట్టిన బ్లౌజ్ కూడా పంపమని అడగకండి. వేరేవాళ్ల కొలతలకి కుట్టింది, మీకు దేనికి?

మూడో దారి ఒకటి మీకు తోచే ఉంటుంది: అదే డిజైన్‌లో నిజంగా వెండి జరీతో ఇంకో చీర ఇవ్వడం. వినడానికి ఇదే అన్నిటికన్నా గౌరవంగా ఉంటుంది. మాట ఇచ్చిన వస్తువే ఇస్తున్నారు కదా. కానీ 2025లో వెండి ధర బాగా పెరిగింది. మీ పాత పోస్టు నాటి రేటుకి ఇప్పుడు మగ్గం వాళ్లు ఇస్తారని నేననుకోను. పైగా ఆ రంగులో, ఆ అంచుతో సిద్ధంగా లేకపోతే కొత్తగా నేయించాలి. గద్వాల పనిలో అంచుల పట్టు, ఒంటి పట్టు కలిపే దగ్గరే రోజులు పడతాయి. మధ్యలో వానో, పండగో, మగ్గం దగ్గర జ్వరమో వస్తే ముహూర్తం దాటిపోతుంది. ఆవిడ దగ్గర అప్పుడు చీరా ఉండదు, వేరే కొనుక్కునే టైమూ ఉండదు. అందుకని చీర మీ చేతికి వచ్చి, పోగు గీకి చూసుకున్నాకే ఆ మాట రాయండి. లేదంటే అసలు ఎత్తవద్దు. ఆవిడే ‘ఒరిజినల్‌ది ఇప్పించండి’ అంటే, దొరుకుతుందో లేదో రెండు రోజుల్లో చెప్తానని, అంతవరకు ఈ చీర ఆవిడ దగ్గరే ఉంటుందని చెప్పండి.

ఉత్తరం రాసే ముందు 21,000 మీ ఖాతాలో ఉందా చూసుకోండి. మగ్గానికి అడ్వాన్సు ఇచ్చేసి, ఆవిడ ఉంచుకుంటుందిలే అన్న ఆశతో రెండు దారులూ రాస్తే, ఆవిడ రెండోది ఎంచుకున్న రోజు మీ ఉత్తరమే అబద్ధమవుతుంది. డబ్బు సర్దుకోవడానికి మూడు రోజులు పడుతుందంటే మూడు రోజులు ఆగి రాయండి. వారం దాటనివ్వకండి.

ఫోన్ చేయాలా, రాయాలా అంటే ముందు రాయండి. ఫోన్లో చెప్తే ఆవిడ అక్కడికక్కడే ఏదో ఒకటి అనాలి. మొహమాటంతో ‘పర్వాలేదమ్మా’ అనేస్తారు, సాయంత్రం ఇంట్లో చెప్పాక మనసు మారుతుంది. రాసింది అయితే భర్తకు, కొడుక్కు చూపించుకుంటారు, నిదానంగా ఆలోచించుకుంటారు. మీ మాట మీకూ రికార్డుగా ఉంటుంది. వాట్సాప్‌లో రాసినా ఫర్వాలేదు, ఆర్డర్ మాట్లాడుకున్న నంబరు నుంచే పంపండి. వాయిస్ మెసేజ్ మాత్రం వద్దు. మళ్లీ చూసుకోవాలంటే మొదటి నుంచీ వినాలి.

రాసేటప్పుడు మొదటి నాలుగు వాక్యాల్లోనే అసలు విషయం వచ్చేయాలి. పలకరింపులు, పెళ్లి పనులు ఎలా ఉన్నాయి, మీలాంటి కస్టమర్లే మాకు దేవుళ్లు అంటూ మొదలుపెడితే, చదివే మనిషికి టెన్షన్ పెరుగుతుంది. మగ్గం వాళ్ల ప్రస్తావన అసలు రానివ్వకండి. వాళ్లు చీటీలో సరిగ్గానే రాశారు, చూసుకోనిది మీరు. ‘టెస్టెడ్ జరీ’ అని ఊరికే రాసి వదిలేయవద్దు. ఈ వ్యాపారంలో లేనివాళ్లు ఆ మాట చదివితే పరీక్ష చేసి పాసైన జరీ అనుకునే ప్రమాదం ఉంది. రాగి అని రాయండి. అదే ఉత్తరంలో కష్టమైన మాట, అది లేకపోతే ఉత్తరమే దండగ. ఏది తప్పో చెప్పినట్టే ఏది తప్పు కాదో కూడా చెప్పాలి. లేకపోతే పట్టు కూడా డూప్లికేటేమో, చేనేత కూడా కాదేమో అని అనుమానం మొత్తం చీర మీదికి పాకుతుంది.

ఇలా రాయవచ్చు. మీ మాటల్లోకి మార్చుకోండి.

నమస్తే మేడమ్. మీరు నా దగ్గర తీసుకున్న గద్వాల పట్టుచీర గురించి రాస్తున్నాను. పోస్టులో నేను ‘ఒరిజినల్ వెండి జరీ’ అని రాశాను. అది తప్పు. ఆ చీరలో ఉన్నది టెస్టెడ్ జరీ, అంటే రాగి రేకు మీద వెండి పూత వేసి బంగారు రంగు తెచ్చినది. మిగతా వివరాలు సరైనవే, పట్టు అసలు పట్టే, మగ్గం మీద నేసిందే.

పాత పోస్టులో వివరాలు మార్చకుండా పెట్టడం వల్ల ఇలా జరిగింది. మొన్న లెక్కలు చూసుకుంటుంటే తెలిసింది. అదే విడతలో వచ్చిన ఇంకో చీర పోగు తీసి చూసి ఖాయం చేసుకున్నాక రాస్తున్నాను. తప్పు నాది, క్షమించండి.

మీరు 18,500 ఇచ్చారు. టెస్టెడ్ జరీతో ఇదే రకం చీర నేను 11,500కి అమ్ముతాను. చీర ఉంచుకోవాలనుకుంటే తేడా 7,000 మీకు పంపిస్తాను. వద్దనుకుంటే 18,500 మొత్తం, బ్లౌజ్ కుట్టుకూలి, ఫాల్ ఖర్చుతో సహా ఇచ్చేస్తాను. కొరియర్ నేనే బుక్ చేస్తాను. బ్లౌజ్ ముక్క కోశారని ఏమీ తగ్గించను.

కోడలికి పెట్టే చీర కాబట్టి ముందే మీకు తెలియాలని, వేరేది చూసుకోవాలంటే టైమ్ ఉండాలని ఇప్పుడే చెప్తున్నాను. ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి. చీర వెనక్కి పంపాలంటే పెళ్లి లోపు ఎప్పుడైనా పంపండి. 7,000 మాత్రం పెళ్లయ్యాక అడిగినా ఇస్తాను.

డబ్బు మీరు నాకు పంపిన యూపీఐకే వేస్తాను. మీరు ఏ లింకూ నొక్కక్కర్లేదు, ఏదీ స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. రేపు సాయంత్రం ఒకసారి ఫోన్ చేస్తాను. ఇప్పుడు వద్దంటే ఒక్క మాట మెసేజ్ పెట్టండి, చేయను.

ఆ చివరి పేరా చాలామంది రాయరు. ఆవిడ వైపు నుంచి చూడండి. అడగకుండానే ‘మీకు డబ్బు తిరిగి ఇస్తాను’ అని మెసేజ్ వస్తే ఈ రోజుల్లో ఎవరికైనా ముందు తట్టేది మోసమే. రీఫండ్ అని చెప్పి క్యూఆర్ పంపి, పిన్ కొట్టించి ఖాతా ఖాళీ చేసే కథలు అందరూ విన్నారు. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదని ఆవిడకు తెలిసినా, మీరు ముందే చెప్పడం వల్ల ఆ అనుమానం పక్కకు పోతుంది. పాత నంబరు నుంచే పంపమన్నది కూడా ఇందుకే.

ఇందులో లేనివి కూడా కొన్ని కావాలనే వదిలేశాను. ‘ఇంకెవరికీ చెప్పకండి’ అని లేదు. ‘ఇక నాకే ఫిర్యాదూ లేదని రాసివ్వండి’ అని లేదు. అవి పెడితే 7,000 రూపాయలు నోరు మూయించడానికి ఇచ్చినట్టు అవుతుంది, సవరణ అనిపించుకోదు. తేడా డబ్బు వేశాక ‘ఫలానా చీరకు తేడా 7,000 పంపాను’ అని ఒక లైను మెసేజ్ పెడితే మీ లెక్కకు చాలు. బిల్లు ఇచ్చి ఉంటే దాన్ని సరిచేసి, జరీ రకం మార్చి పంపండి. జీఎస్టీ ఉంటే క్రెడిట్ నోట్ ఇవ్వాల్సి వస్తుంది, మీ లెక్కలు చూసేవాళ్లను అడగండి.

ఆవిడ జవాబు ఇవ్వకుండానే 7,000 వేసేయాలని కూడా అనిపించవచ్చు, ఒక భారం దిగిపోతుందని. వేయకండి. అలా వేస్తే ఆవిడ తరపున మీరే ‘ఉంచుకో’ అని తేల్చేసినట్టు. ఫోన్ ఎత్తకపోతే రెండు రోజులాగి ఇంకోసారి రాయండి, అంతే. పెళ్లి ఇల్లు, చూసీ చూడనట్టు ఉండిపోయే మెసేజ్‌లు చాలా ఉంటాయి. పెళ్లి దాటాక కూడా జవాబు లేకపోతే, అప్పుడు తేడా వేసి చెప్పండి. అప్పటికి ఇంకో దారి లేదు కాబట్టి అది తొందరపాటు కాదు.

కోపం రావచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. ‘కోడలి వాళ్లకి ఒరిజినల్ అని చెప్పేశాను, ఇప్పుడు నా పరువేం కావాలి?’ అంటే మీ దగ్గర దానికి రూపాయల్లో జవాబు లేదు. వాదించకుండా వినండి. కావాలంటే ఆ ఉత్తరాన్నే వాళ్లకి చూపించుకోమనండి. తప్పు దుకాణానిదని రాసి ఉన్న కాగితం ఆవిడకు అక్కడ పనికొస్తుంది. ఉత్తరంలో ‘తప్పు నాది’ అని మెలికలు లేకుండా ఉండాలనడానికి ఇదొక కారణం. ‘పొరపాటు జరిగింది’, ‘అసౌకర్యం కలిగింది’ అని ఎవరిదో తెలియకుండా రాస్తే ఆవిడ ఎవరికీ చూపించలేరు. పదివేలు ఇవ్వండి అని అడిగినా ఆశ్చర్యపోకండి. 7,000 ఎలా వచ్చిందో మీరు చెప్పగలరు, ఆ పైన ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇవ్వలేకపోతే ‘అయితే చీర పంపించేయండి, మొత్తం ఇచ్చేస్తాను’ అనండి. ఆ దారి తెరిచి ఉన్నంతవరకు మీరు అన్యాయం చేసినట్టు కాదు.

మీవారి రెండో భయం, మిగతావాళ్లకు తెలియడం. ముందు అసలు మిగతావాళ్లు ఉన్నారా చూడండి. ఆ పోస్టు పెట్టిన రోజు నుంచి తీసేసేదాకా దాని కింద ఇంకెవరైనా కొన్నారా? అదే చీటీలో వచ్చిన చీరలు వేరే పోస్టుల్లో ఇదే రాతతో వెళ్లాయా? కొని ఉంటే వాళ్లకీ ఇదే ఉత్తరం, వాళ్ల అంకెలతో. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి దాచితే, వాళ్లిద్దరూ ఎక్కడో ఒక గ్రూపులో కలుస్తారు. మన చీరల ప్రపంచం చిన్నది. ఎవరూ లేకపోతే ఆ భయం అక్కడితో తీరిపోయినట్టే.

తప్పు రాత ఉన్న పోస్టుకు ముందు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఆ తర్వాత మార్చండి. చడీచప్పుడు లేకుండా మార్చేస్తే ఆవిడ వెనక్కి వెళ్లి చూసినప్పుడు సాక్ష్యం చెరిపినట్టు కనిపిస్తుంది. ‘జరీ వివరం సరిచేశాను’ అని తారీఖుతో ఒక లైను కింద పెట్టండి. ఇక మీదట మగ్గం వాళ్ల చీటీ ఫోటోను చీర ఫోటోలతో పాటే ఒకే ఫోల్డర్లో పెట్టుకుని, జరీ, ఒంటి దారం, అంచు దారం, రేటు, ఈ నాలుగూ పోస్టులో ఖాళీగా వదిలి, ప్రతిసారీ చీటీ చూసి నింపండి. డిజైన్ గురించి రాసే వర్ణన కాపీ చేసినా నష్టం లేదు. ఈ నాలుగింటినీ మాత్రం కాపీ చేయకండి.